తప్పుకు బజర్ మోగని లెక్కల ఆట: మా ప్రణాళిక

53 − 27 = 34.

మూడో తరగతికి లెక్కలు చెప్పిన ఏ టీచరును అడిగినా ఈ జవాబు తమకు కొత్త కాదనే అంటారు. పిల్లల కోసమని ఫోన్లలో దొరికే లెక్కల ఆటలు దీన్ని ఎలా చూస్తాయో కూడా మనకు తెలుసు. ఎర్ర ఇంటూ మార్కు పడుతుంది, బర్ర్‌మని చప్పుడొస్తుంది, మూడు ప్రాణాల్లో ఒకటి పోతుంది, పైన గడియారం ముల్లు తిరుగుతూనే ఉంటుంది. మరీ ఉదారమైన ఆటయితే ‘మళ్లీ ప్రయత్నించు’ అంటుంది. ఏం ప్రయత్నించాలో చెప్పదు. పిల్ల మళ్లీ అదే పద్ధతిలో చేస్తుంది, మళ్లీ 34 వస్తుంది, రెండో ప్రాణం కూడా పోతుంది.

ఈ ఆటల మీద మా అభ్యంతరం అవి కఠినంగా ఉన్నాయని మాత్రమే కాదు. పిల్ల రాసిన జవాబును అవి చదవడమే లేదు. 34కీ 36కీ 80కీ ఒకటే బజర్.

ప్రాథమిక పాఠశాలల్లో చదువు చెప్పేవాళ్లం, ప్రోగ్రాములు రాసేవాళ్లం, బొమ్మలు గీసేవాళ్లం, పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులం కలిసి వేరే రకం ఆట తయారు చేయాలని పూనుకున్నాం. మొదట ఒక్కటే ఆట, అదీ ఒక్క విషయం మీదే: అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే ‘అసర్’ సర్వేలో తీసివేత స్థాయిని తేల్చేది కూడా ఈ రకం లెక్కే. ఎక్కాలు, భిన్నాలు తర్వాత చూసుకుందాం. ఒక్క లెక్కలో పిల్లలు ఎన్ని రకాలుగా తప్పు చేస్తారో పూర్తిగా తెలుసుకోకుండా వంద లెక్కలకు రంగులద్దడం మాకిష్టం లేదు.

జవాబును చదవడం

1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల మీద ఒక వ్యాసం ప్రచురించారు. పిల్లల తప్పుల్లో చాలా భాగం అజాగ్రత్త వల్ల జరిగేవి కావని, కొంచెం చెడిపోయిన పద్ధతిని పిల్లలు చాలా శ్రద్ధగా పాటించడం వల్ల వచ్చేవని వాళ్లు చూపించారు. ప్రోగ్రాములో దొర్లే లోపాన్ని ‘బగ్’ అంటారు కదా, ఆ మాటనే వీటికీ వాడారు. వాళ్లు చేసిన ‘బగ్గీ’ అనే ప్రోగ్రాం కూడా ఒక ఆటే, కానీ ఆడాల్సింది టీచర్లు. కంప్యూటరు ఏదో ఒక బగ్ ఉన్న విద్యార్థిలా జవాబులిస్తుంటే, ఆ బగ్ ఏమిటో టీచరు పట్టుకోవాలి. ఇప్పుడు మేం చేయబోయే ఆటలో ఆ పట్టుకునే పని ఆటది.

53 − 27కు సరైన జవాబు 26. పిల్ల 34 అని రాసిందంటే ఒకట్ల స్థానంలో 3లోంచి 7 పోదు గనుక తిరగేసి 7లోంచి 3 తీసింది. ఇది తెలివితక్కువతనం కాదు. ఒకటో తరగతిలో ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి’ అని చెప్పింది మనమే. ఆ మాటను నమ్మిన పిల్ల దాన్ని ఇక్కడా పాటించింది. 36 రాసిన పిల్లాడి కథ వేరు. వాడు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకున్నాడు, 13లోంచి 7 తీసి 6 రాశాడు, కానీ అప్పిచ్చిన 5ను 4 చేయడం మరిచిపోయాడు. 27 రాసిన పిల్లకు పద్ధతంతా వచ్చు, వేళ్ల మీద వెనక్కి లెక్కించేటప్పుడు ఒకటి జారింది. 80 రాసినవాళ్లు గుర్తు చూడకుండా కూడేశారు. నాలుగు తప్పులు, వెనక నాలుగు ఆలోచనలు. నలుగురికీ ఒకే మాట చెప్పే ఆట ఎవరికీ ఏమీ చెప్పనట్టే.

అయితే ఈ పని ఏ లెక్కతో పడితే ఆ లెక్కతో జరగదు. 52 − 27 తీసుకోండి. తిరగేసి తీసిన పిల్లకు 7లోంచి 2 పోగా 5, పదుల్లో 3, మొత్తం 35 వస్తుంది. అప్పు తెచ్చుకుని తగ్గించడం మరిచిన పిల్లాడికి 12లోంచి 7 పోగా 5, పదుల్లో 3, వాడికీ 35 వస్తుంది. రెండు వేర్వేరు బగ్‌లు ఒకే జవాబు వెనక దాక్కుంటాయి. కింది ఒకట్ల అంకెకూ పై ఒకట్ల అంకెకూ తేడా సరిగ్గా 5 అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. 61 − 36, 43 − 18 కూడా ఇదే కోవ. కాబట్టి మా ఆటలో పిల్ల ఎక్కడ తడబడుతోందో తెలుసుకునే మొదటి లెక్కల్లో ఇలాంటివి ఉండవు. 53 − 27, 61 − 38, 74 − 46 లాంటివి ఉంటాయి. సున్నాతో ముగిసే 50 − 27 కూడా కొన్నాళ్లు పక్కన ఉంటుంది. సున్నాలోంచి ఏమీ పోదని 30 రాసేవాళ్లు, తిరగేసి 37 రాసేవాళ్లు అక్కడ కొత్తగా పుట్టుకొస్తారు. దానికి ప్రత్యేకంగా ఒక మజిలీ పెడతాం.

ఒక్క జవాబును చూసి పిల్ల మనసులో ఏముందో తేల్చేయడం కూడా తొందరపాటే. ఆ రోజు పరధ్యానంలో ఉండొచ్చు, పక్కనున్న తమ్ముడు తెర నొక్కి ఉండొచ్చు. మూడు లెక్కల్లో కనీసం రెండింటిలో ఒకే రకం తప్పు కనిపిస్తేనే ఆట దాన్ని బగ్‌గా లెక్కిస్తుంది. మధ్యమధ్యలో 68 − 25 లాంటి, అప్పు అవసరం లేని లెక్కలూ తప్పనిసరిగా ఉంటాయి. అన్నీ అప్పు లెక్కలే ఇస్తే పిల్లలు అంకెలు చూడకుండా ప్రతిదానికీ అప్పు తెచ్చేయడం నేర్చుకుని, ఇక్కడ 313 అని రాస్తారు.

అత్త కొట్టు

ఆట ఒక కిరాణా కొట్టులో నడుస్తుంది. కొట్టు నడిపే ఆవిడను పిల్లలు అత్త అంటారు. పిల్ల సంచీలో 53 రూపాయలున్నాయి: ఐదు పది నోట్లు, మూడు రూపాయి నాణేలు. కొనాల్సిన సరుకు 27 రూపాయలు. ‘చిల్లర లేదు బుజ్జీ, సరిగ్గా ఇవ్వు’ అంటుంది అత్త. ఆ మాట వినని తెలుగువాళ్లు ఉండరు గనుక దానికి వివరణ అక్కర్లేదు. కొట్టు అరుగు మీద ఒక చిల్లర డబ్బా ఉంటుంది. అందులో ఒక పది నోటు వేస్తే పది నాణేలు రాలతాయి. అలా మార్చుకుంటే సంచీలో నాలుగు నోట్లు, పదమూడు నాణేలు ఉంటాయి. రెండు నోట్లు, ఏడు నాణేలు ఇచ్చేస్తే మిగిలేవి రెండు నోట్లు, ఆరు నాణేలు. పుస్తకంలో ‘అప్పు’ అని పిలిచే పని ఇక్కడ చిల్లర మార్చడం. అప్పులా తిరిగివ్వాల్సిన పని లేదు.

డబ్బులు ఇవ్వకముందే అత్త ‘ఎంత మిగులుతుంది?’ అని అడుగుతుంది. పిల్ల 34 అని రాసిందనుకుందాం. ఇంటూ మార్కు ఉండదు, చప్పుడు ఉండదు. అత్త అంటుంది: ‘సరే, నాకిచ్చే 27, నీకు మిగిలే 34 పక్కపక్కన పెట్టి చూద్దాం.’ తెర మీద ఐదు నోట్లు, పదకొండు నాణేలు చేరతాయి, అంటే 61. పక్కనే పిల్ల తెచ్చిన సంచీ, 53. ‘ఎనిమిది రూపాయలు ఎక్కువొచ్చాయే! ఎక్కడివి బుజ్జీ ఇవి?’ ఆ ప్రశ్నకు పిల్ల నవ్వొచ్చు, ఆలోచించొచ్చు, సంచీ విప్పి చూసుకోవచ్చు. 36 రాసిన పిల్లాడికైతే మొత్తం 63 కనిపిస్తుంది, సరిగ్గా ఒక పది నోటు ఎక్కువ. వాడు నోటును చిల్లరగా మార్చుకున్నాడు గానీ ఆ నోటును సంచీలోనూ ఉంచేసుకున్నాడు. అది కళ్లముందే కనిపిస్తుంది. 27 రాసిన పిల్లకు ఒకే ఒక్క నాణెం ఎక్కువొస్తుంది. ఆమెకు పద్ధతి గురించి పాఠం చెప్పకూడదు, నాణేలు మళ్లీ లెక్కపెట్టమంటే చాలు. తప్పు ఎంతో, దాని రూపమేమిటో డబ్బే చెబుతుంది. అత్త తీర్పు చెప్పాల్సిన అవసరం రాదు.

రెండోసారీ కుదరకపోతే అత్త మాట్లాడదు. అరుగు మీద ఏడు నాణేల గుంటలు కనిపిస్తాయి. పిల్ల దగ్గరున్న మూడు నాణేలు వాటిలో కూర్చుంటే నాలుగు ఖాళీగా మిగులుతాయి. చాలామందికి ఇది చాలు, చేయి చిల్లర డబ్బా వైపు పోతుంది. మూడోసారీ ఆగిపోతే అత్త తన సొంత లెక్క, 42 − 18, మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తుంది. నోటు మార్చి మూడు నోట్లు, పన్నెండు నాణేలు చేసుకుంటుంది. అందులోంచి ఒక నోటు, ఎనిమిది నాణేలు ఇస్తుంది. 24 మిగులుతుంది. పిల్ల లెక్క జవాబును మాత్రం చెప్పదు. ఆ తర్వాత పిల్ల తన 53 − 27 దగ్గరికి తిరిగొస్తుంది, అది పూర్తయ్యాక అలాంటిదే ఇంకొకటి, 61 − 38, ఏ సాయమూ లేకుండా చేస్తుంది. వచ్చిందని మేం లెక్కలో వేసుకునేది ఆ చివరిదాన్నే. తప్పు చేసిన పిల్లను తేలిక లెక్కల తరగతికి దించేయడం మా ఆటలో ఉండదు. దిగిపోయామని పిల్లలు ఇట్టే పసిగడతారు.

68 − 25లో అవసరం లేకపోయినా నోటు మార్చిన పిల్ల సంగతి చెప్పాలి. ఆమె దగ్గర చివరికి మూడు నోట్లు, పదమూడు నాణేలు మిగులుతాయి. అది 43 రూపాయలే, తప్పేమీ కాదు. ‘సంచీ బరువుగా ఉంది, పది నాణేలకు నోటు తీసుకుంటావా?’ అంటుంది అత్త. కాగితం మీద 313 అయ్యే పొరపాటు ఇక్కడ సర్దుకునే విషయంగా మారుతుంది.

ఒక చిక్కుంది. ఇప్పుడు చాలా పట్టణాల్లో కొట్టు దగ్గర పెద్దవాళ్లు ఫోను చూపించి వచ్చేస్తున్నారు. రూపాయి నాణెం చేతిలో పట్టుకుని లెక్కపెట్టని పిల్లలకు ఈ కొట్టు కొత్తగా ఉంటుంది. అందుకే తెర ముట్టుకునే ముందు బడిలో చీపురుపుల్లల కట్టలతో ఒకసారి ఇదే ఆట ఆడించాలి: పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు మూడు, ఒక రబ్బరుబ్యాండు విప్పడం. అది లేకుండా నేరుగా తెర ఇవ్వొద్దని మా ఆటతో పాటు వచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాస్తాం.

కొట్టు నుంచి కాగితానికి

2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు ఒక అధ్యయనం ప్రచురించారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు బేరసారాల లెక్కలు నోటితో చకచకా చేసేస్తారు, అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద పెడితే తడబడతారు. బడి పిల్లలు కాగితం మీది లెక్కలు మెరుగ్గా చేస్తారు గానీ బజారు లెక్క ఎదురైతే తడబడతారు. ఒకచోట వచ్చిన లెక్క రెండోచోటికి దానంతటది నడిచిపోదు. నోట్లు, నాణేలు పెట్టేసి ‘పిల్లల జీవితంలోంచి తెచ్చాం’ అని సంతోషపడే ఆటలన్నీ ఇది చదవాలి, మాతో సహా.

కాబట్టి అరుగు పక్కన ఒక పలక ఉంటుంది. పిల్ల నోటును చిల్లర డబ్బాలో వేసిన క్షణానే పలక మీద 5 కొట్టేసి పైన 4 పడుతుంది, ఒకట్ల స్థానంలో 3కు బదులు 13 పడుతుంది. ఏడు నాణేలు ఇచ్చినప్పుడు కింద 6 పడుతుంది. చేతి పనీ అంకెల పనీ ఒకే సమయంలో జరుగుతాయి. కొన్నాళ్లకు పలక మీద రాసే పని పిల్లకు అప్పగిస్తాం, ఆపైన నోట్లు మసకబారుతాయి, చివరికి పలక ఒక్కటే మిగులుతుంది. పలక మీద చిక్కుకున్న పిల్ల నోట్లను మళ్లీ పిలుచుకోవచ్చు. దానికి మార్కులు పోవు.

మెచ్చుకోవడంలోనూ పొదుపు

ప్రోత్సాహం అంటే శభాష్‌లు చల్లడం కాదన్నది మా మధ్య ఎక్కువ వాదన జరిగిన విషయం. 1996లో క్లూగర్, డినీసి అనే పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కుప్పగా పోసి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలు చేసింది, కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. మనసు చేస్తున్న పని మీది నుంచి ‘నేనెలాంటివాణ్ణి’ అనే దాని మీదికి మళ్లినప్పుడు ఫీడ్‌బ్యాక్ బలహీనపడుతుందన్నది వాళ్ల వివరణ. ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అనే పొగడ్త కూడా ఆ వైపే మళ్లిస్తుంది. 1998లో ముల్లర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడించుకున్న ఐదో తరగతి పిల్లలు కష్టమైన పజిళ్లు ఎదురై ఓడిపోయాక, కష్టపడ్డారని మెచ్చుకోలు పొందినవాళ్ల కంటే త్వరగా వెనకడుగు వేశారు. ఈ మెచ్చుకోళ్ల ప్రభావం ఎంత పెద్దదన్న దాని మీద తర్వాత చర్చ చాలానే నడిచింది. అయినా మా ఆటకు సరిపడా పాఠం అందులో ఉంది. అత్త పిల్లను పొగడదు, పిల్ల చేసిన పనిని పేరుపెట్టి చెబుతుంది: ‘నాణేలు చాలవని ముందే చూసి నోటు మార్చావు.’

అబద్ధం చెప్పి ఊరడించడమూ ఉండదు. 34ను ‘దాదాపు సరైనదే’ అనకూడదు, అది సరైనది కాదు. తప్పుకు శిక్ష వేయకపోవడం వేరు, తప్పును దాచేయడం వేరు. తప్పును దాచడాన్ని మేం శిక్ష వేయడమంత గట్టిగా వ్యతిరేకిస్తాం.

ప్రాణాలు, గడియారం, ర్యాంకుల పట్టిక మా ఆటలో ఉండవు. తప్పుకు ఏ శబ్దమూ ఉండదు, ఎందుకంటే నలుగురు పిల్లలు ఒక టాబ్ చుట్టూ కూర్చున్న గదిలో ఆ శబ్దం తప్పు చేసిన పిల్ల ఒక్కదానికే వినిపించదు. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి: తప్పు చేసినప్పుడు కనిపించే బొమ్మ సరైన జవాబు బొమ్మ కంటే సరదాగా ఉండకూడదు. ఉంటే పిల్లలు దాన్ని చూడ్డానికి కావాలనే తప్పు చేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

శిక్ష లేకపోతే పిల్లలు గుడ్డిగా నొక్కుతూ పోరా అని కొందరు టీచర్లు అడిగారు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటే తప్పకుండా అదే చేస్తారు. అందుకే ఎంపికలు ఇవ్వం. జవాబు రాయాలి లేదా నోట్లతో కట్టాలి. ఊహించి రాసిన పిల్లకు తన ఊహ సంచీతో సరిపోయిందో లేదో చూసుకునే పని ఎలాగూ ఉంటుంది. చదవడానికి చాలినంత సమయం కూడా తీసుకోకుండా జవాబులు వచ్చిపడుతుంటే ఆ రోజుకు ఆట చాలని అర్థం. అత్త కొట్టు మూసి ‘మళ్లీ రా’ అంటుంది.

ఎలా పరీక్షించుకుంటాం

పిల్లలు ఎంతసేపు ఆడారన్నది మేం గొప్పగా చెప్పుకోం. జూదం యంత్రం ముందు కూడా మనుషులు చాలాసేపు కూర్చుంటారు. మాకు కావలసినవి రెండు. మొదటిది, తప్పు వచ్చిన వెంటనే పిల్ల ఏం చేసింది: మళ్లీ సంచీ విప్పిందా, ఆట మూసేసిందా? ఒక చోట ఎక్కువమంది మూసేస్తుంటే అక్కడ లోపం మా ఆటది. రెండోది, ఆట ఆపిన వారం తర్వాత, నెల తర్వాత పెన్సిలు, కాగితంతో ఇచ్చే చిన్న పరీక్ష. అందులో 34లు తగ్గి 26లు పెరిగాయా?

నెల తర్వాత అన్నదాన్ని పట్టుబట్టి పెట్టాం. వడోదరలో ప్రథమ్ సంస్థ 2000ల మొదట్లో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ లెక్కల ఆటలు ఆడించింది. పరిశోధకులు దాన్ని బళ్ల మధ్య చీట్లేసి పోల్చి చూశారు. లెక్కల మార్కులు బాగా పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాది తర్వాత చూస్తే ఆ పెరుగుదలలో చాలా భాగం కరిగిపోయింది. ఆట మేలు చేస్తుందనడానికీ, ఆట ఒక్కటే సరిపోదనడానికీ ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు కనిపించలేదు. టీచరు లేని చోట ఈ ఆటను టీచరుకు బదులుగా అమ్మడానికి మేం ఒప్పుకోం.

ఆట ఉచితం, ప్రకటనలుండవు, నెట్ లేకుండా పాత ఫోన్లలోనూ నడవాలి. పిల్లల జవాబులు ఆ ఫోను దాటి పోవు, టీచరు చూపించమంటే తప్ప. అత్త మాట కోస్తాలో ఒకలా, రాయలసీమలో ఒకలా, తెలంగాణలో ఒకలా వినిపించేలా గొంతులు రికార్డు చేస్తాం.

టీచర్లకు మా మొదటి అభ్యర్థన ఇది. రేపు మీ మూడో తరగతిలో 53 − 27, 61 − 38, 74 − 46, 68 − 25 ఈ నాలుగూ నల్లబల్ల మీద రాయండి. జవాబులు దిద్దొద్దు. తప్పు వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎలా చేశావో చెప్పమ్మా’ అని అడిగి, ఆ పిల్ల మాటల్లోనే రాసుకోండి. పేర్లు వద్దు, జవాబులూ ఆ మాటలూ చాలు. మేం ఊహించని బగ్‌లు ఆ కాగితాల్లో ఉంటాయి, వాటిని తీసుకుని రండి.